రంగుల తాత కలిపిన నీళ్ళు

పిల్లలు మొహం చిట్లిస్తే చూడలేని మనిషి రంగుల తాత. అది ఆయన గుణమో, రోగమో, వ్యాపార లక్షణమో ఎవరూ తేల్చలేకపోయారు. మూడూ కలిసే ఉంటాయని నాకనిపిస్తుంది.

బడి గేటుకి ఎదురుగా ఉంటుంది ఆయన బండి. గోనెసంచి కప్పుకుని పడుకున్న ఐసు గడ్డ, దాన్ని గీకడానికి బ్లేడు బిగించిన చెక్క, వరసగా రంగు పాకం సీసాలు. గీకిన ఐసుని గ్లాసులో అదిమి, పుల్ల గుచ్చి, పైన పాకం పోసి పిల్ల చేతికిస్తాడు. ఇచ్చి ఊరుకుంటాడా? ఊరుకోడు. మొదటిసారి చప్పరించాక ఆ మొహం ఎలా మారుతుందో చూస్తూ నిలబడతాడు. కళ్ళు విప్పారకపోతే ఆయన ప్రాణం ఒప్పుకోదు. "ఉండు బంగారం, ఇంకో చుక్క" అంటూ మళ్ళీ సీసా ఎత్తుతాడు. బతికున్నన్నాళ్ళూ భార్య మొత్తుకుంటూనే ఉండేది, "ఆ చేతికి ఒక మూత చేయించయ్యా" అని. ఆయన నవ్వేసేవాడు. పంచదారతో బాగుపడని మొహం ఈ భూమ్మీద పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం. ఇన్నేళ్ళ బండి జీవితంలో ఆ నమ్మకం ఒక్కసారి కూడా తప్పు కాలేదు మరి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇంట్లో ఆయనా, కూతురూ, మనవరాలూ. అల్లుడు లారీ తోలతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ కనబడతాడు. కూతురిది రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని. మనవరాలికి ఈ మధ్యే రెండేళ్ళు నిండాయి. పెట్టిన పేరు ఏదో ఉంది కానీ, ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే ఉంటుందని ఆయన పిచ్చుక అని పిలిచాడు. ఇక అందరికీ అది పిచ్చుకే. బడి ఉన్న రోజుల్లో పిల్లని బండికి కట్టిన చిన్న పీట మీద కూర్చోబెట్టుకునే వ్యాపారం చేస్తాడు. ఆ పిల్ల ఎర్ర సీసా చూపించి "తాతా, ఎలుపు" అందంటే చాలు, కొనడానికొచ్చిన వాళ్ళు ఎంతమంది ఉన్నా ముందు గ్లాసు దానికే.

అలాంటి పిచ్చుకకి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రం మొదలైతే, కూతురు డ్యూటీ దిగి అటు నుంచి అటే వీధి చివర ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకెళ్ళింది. అక్కడి నర్సమ్మ పిల్లని చూసి, ఇంకా నీరసం రాలేదు, భయం లేదని చెప్పి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లూ జింకు మాత్రలూ ఇచ్చి పంపింది.

మర్నాడు పొద్దున్నే కూతురు ఒక చేత్తో జడ అల్లుకుంటూ, ఇంకో చేత్తో డబ్బా మూత పెట్టుకుంటూ తండ్రికి అప్పగింతలు పెట్టింది.

"నాన్నా, లీటరు నీళ్ళు కాచి చల్లార్చి ఆ స్టీలు జగ్గులో పోసి మూత పెట్టాను. ప్యాకెట్టు మొత్తం అందులో వేసెయ్, సగం సగం చెయ్యకు. బాగా కరిగేదాకా తిప్పు. విరేచనం అయినప్పుడల్లా ఒక చిన్న గ్లాసుడు, కొంచెం కొంచెంగా పట్టు. అన్నం కూడా మెత్తగా పెట్టు, మానెయ్యకు. మాత్ర నేను వేసేశాను."

"పిల్లలకి నీళ్ళు కలిపివ్వడం నాకు చెబుతున్నావా?" అన్నాడు ఆయన.

"నీకే చెప్పాలి" అంది కూతురు. చెప్పులేసుకుని పరిగెత్తింది. ఆ ఫ్యాక్టరీలో లోపలికెళ్తే ఫోను గేటు దగ్గర పెట్టెలో పడెయ్యాల్సిందే.

తాత చెప్పింది చెప్పినట్టే చేశాడు. సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ప్యాకెట్టు చింపి మొత్తం జగ్గులో వేశాడు. అడుగున పొడి మిగలకుండా గరిటెతో తిప్పాడు. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత గ్లాసులో పోసి పిచ్చుక నోటి దగ్గర పెట్టాడు. పిచ్చుక ఒక గుక్క తాగింది. మూతి ముడిచింది. నుదురు ముడిచింది. నాలుక బయట పెట్టి తాత వైపు అలా చూసింది, నువ్వేనా నాకిది పట్టింది అన్నట్టు.

ఆ చూపుకి ఆయన కరిగిపోయాడు. తనూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాడు. ఉప్పగా, కాస్త తియ్యగా, అటూ ఇటూ కాకుండా ఉంది. బండి మీద ఇలాంటి సరుకు ఇస్తే పిల్లలు గ్లాసు నా మొహాన కొట్టరూ అనుకున్నాడు. అసలే ఒంట్లో బాగాలేని పిల్ల. నోటికి హితవుగా ఉంటేనే కదా నాలుగు గుక్కలు తాగేది? మందు లోపల ఎలాగూ ఉండనే ఉంది, రుచి కాస్త సరిచేస్తే పోయేదేముంది?

గూట్లోంచి ఎర్ర పాకం సీసా తీశాడు. గ్లాసులో ఒక చుట్టు పోశాడు. చల్లగా ఉంటే ఇంకా ఇష్టపడుతుందని, పొద్దున్నే దింపిన ఐసు గడ్డ మీంచి కాస్త గీకి అందులో వేశాడు. పిచ్చుక కళ్ళు విప్పారాయి. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని గటగటా తాగేసింది. తాగి "ఎలుపు" అంది, ఎంతో తృప్తిగా.

ఇక ఆయన ఆనందం చూడాలి. పక్క వాటాలో కుట్టుమిషను తొక్కుకునే టైలరమ్మని పిలిచి మరీ చెప్పాడు, "చూశావా, మందు నీళ్ళు కూడా నా చేత్తో ఇస్తే తాగుతారు" అని. ప్రతిసారీ గ్లాసులో కలపడం ఎందుకని, పాకమూ ఐసూ జగ్గులోనే వేసేశాడు. ఐసు కరిగాక మళ్ళీ కాస్త ఐసు వేశాడు. నీళ్ళు పలచబడి రుచి తగ్గాక మళ్ళీ కాస్త పాకం పోశాడు. పిల్ల తాగేకొద్దీ జగ్గు తరగకుండా ఉంటే, అది కూడా తన చేతి చలవే అనుకున్నాడు.

పిచ్చుక తాగుతూనే ఉంది. విరేచనాలు అవుతూనే ఉన్నాయి. మొదట్లో కాస్త కాస్త అయ్యేవి, రాను రాను నీళ్ళు విడిచినట్టు అవడం మొదలుపెట్టాయి. లోపలున్న చెడంతా పోతోందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఇంకో గ్లాసు పట్టాడు. అదీ పోయింది. మధ్యాహ్నానికి పిల్ల ఆడడం మానేసింది. ఒళ్ళో పడుకోబెడితే చిరాకు, దింపితే చిరాకు. కళ్ళు లోపలికి పోయాయి. గుడ్డలు మార్చి మార్చి అలిసిన తాతకి ఒక సంగతి ఆలస్యంగా తట్టింది. పొద్దుట్నుంచీ పిల్ల ఉచ్చ పోసినట్టే లేదు.

మిషను ఆపి చూడడానికొచ్చిన టైలరమ్మ పిల్ల మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాబాయ్, ఇది ఏడుస్తోంది కదా, కళ్ళల్లో తడే లేదేంటి?"

తాత వంగి చూశాడు. నిజమే. నోరు ఏడుస్తోంది, కళ్ళు పొడిగా ఉన్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లని భుజాన వేసుకున్నాడు. దారిలో పట్టొచ్చని ఆ ఎర్ర నీళ్ళు సీసాలో పోసుకున్నాడు. కూతురి ఫ్యాక్టరీ గేటుకి ఫోను చెయ్యమని టైలరమ్మకి చెప్పి, వీధి చివరికి పరుగులాంటి నడక మొదలుపెట్టాడు.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ పిల్లని బల్ల మీద పడుకోబెట్టింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో మడత పట్టి వదిలింది. గబుక్కున సర్దుకోవాల్సిన మడత, ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు, కాస్త తీరిగ్గా సర్దుకుంది. నోట్లో వేలు పెట్టి తడి చూసింది. బరువు తూచింది. తర్వాత గ్లాసులో నీళ్ళు నోటి దగ్గర పెడితే పిచ్చుక గ్లాసు మీదికి ఎగబడింది.

"దాహంగా ఉంది, తాగగలుగుతోంది. అది మంచిదే" అంది నర్సమ్మ. "పొద్దుట్నుంచి ఏం పట్టారు తాతగారూ?"

"మీరిచ్చిన మందే అమ్మా. మీ ప్యాకెట్టే" అన్నాడు ఆయన. "వద్దనకుండా తాగింది. ఇదిగో, ఇంకా ఉంది."

సీసా పైకెత్తి చూపించాడు. నర్సమ్మ సీసా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. మూత తీసి వాసన చూసింది.

"ఇది ఎర్రగా ఉందేంటి?"

"పాకం అమ్మా. నేను చేసిందే, మంచి సరుకు. ఉత్తిది తాగలేకపోతుంటే కాస్త కలిపాను. చల్లదనానికి ఐసు వేశాను."

 నర్సమ్మ సీసా పక్కన పెట్టి, శుభ్రమైన జగ్గు తీసి, లీటరు గీత దాకా మంచినీళ్ళు కొలిచి పోసింది. కొత్త ప్యాకెట్టు మొత్తం వేసి తిప్పింది. గ్లాసులో పోసి, చెంచా వేసి, తాతని కుర్చీలో కూర్చోబెట్టి పిల్లని ఆయన ఒళ్ళోనే పెట్టింది.

"చెంచాతో పట్టండి. ఒక చెంచా, కాస్త ఆగి ఇంకో చెంచా. గటగటా వద్దు, కక్కేస్తుంది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. పడుతూ వినండి."

ఆయన పట్టడం మొదలుపెట్టాడు. పిచ్చుక మొహం చిట్లించలేదు. ఉప్పని చూడలేదు, తీపని చూడలేదు, చెంచా చెంచాకీ నోరు తెరిచింది.

"ఈ పొడిలో ఉప్పూ పంచదారా ఒక లెక్కలో కలిపి ఉంటాయి" అంది నర్సమ్మ. "అది రుచి కోసం పెట్టిన లెక్క కాదు. పేగులో పంచదార ఉప్పుని చెయ్యి పట్టుకుని ఒంట్లోకి తీసుకెళ్తుంది, వాటి వెనకాల నీళ్ళు వెళ్తాయి. పంచదార మరీ ఎక్కువైందనుకోండి, ఒంట్లోకి పోవాల్సిన నీళ్ళని అదే పేగులోకి లాగేస్తుంది. విరేచనం ఎక్కువవుతుంది."

తాత చెంచా ఆగిపోయింది.

"ఆపకండి, పట్టండి. ఇక ఐసు. ఐసంటే నీళ్ళే కదా? మీరు వేసినకొద్దీ లీటరు కాస్తా ఎంతైందో. పిల్ల ఒంట్లోంచి పోయిన ఉప్పు తిరిగి రావాలంటే ఆ పలచటి నీళ్ళు చాలవు. పైగా ఆ గడ్డ కాచిన నీళ్ళతో చేసింది కాదుగా."

"నేనే చేశానా అమ్మా, దీనికి?" అన్నాడు ఆయన. "నా చేత్తో నేనే పట్టానా?"

"విరేచనాలు మీరు తేలేదు. తగ్గనివ్వలేదు, అంతే." నర్సమ్మ పిల్ల నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. "నిన్న మీ అమ్మాయికి ఏం చెయ్యాలో అంతా చెప్పాను. ఏం చెయ్యకూడదో చెప్పలేదు. పాకం కలుపుతారని నాకు తట్టలేదు. ఇంకొందరు ప్యాకెట్టు నాలుగు రోజులు రావాలని చిటికెడు చిటికెడు కలుపుతారు. కొందరు పాలల్లో వేస్తారు. కూల్ డ్రింకులో వేసినవాళ్ళూ ఉన్నారు. అందరూ ప్రేమ కొద్దీ చేసేవాళ్ళే."

గోడ గడియారం చూపించింది. నాలుగు గంటల్లో ఆ జగ్గులో ముప్పావు వంతు పిల్ల లోపలికి వెళ్ళాలి. వెళ్తే సరే. వెళ్ళకపోయినా, పిల్ల మగతలోకి జారినా, సూది గుచ్చి సెలైను ఎక్కించడానికి పెద్దాసుపత్రికి పంపాలి.

ఆ మాట విన్నాక తాత ప్రపంచం ఆ చెంచా అంత అయిపోయింది. ముంచడం, పట్టడం, ఆగడం. మధ్యలో ఒకసారి పిల్ల కక్కింది. ఆయన బిక్కచచ్చిపోయి నర్సమ్మ వైపు చూశాడు. ఆమె ఏమీ కంగారుపడకుండా ఆయన చొక్కా తుడిచింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

అలా పడుతుండగానే కూతురు వచ్చింది. జుట్టంతా రేగి ఉంది, ఇస్త్రీ ఆవిరికి మొహం కందిపోయి ఉంది. బల్ల మీద ఎర్ర సీసా చూడగానే ఆమెకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తండ్రి చెయ్యి ఆమెకి తెలియదా?

"ఇందులో కూడా పోశావా నాన్నా?"

ఆయన ఇంకో చెంచా ముంచాడు.

"నీ దగ్గర వదిలి ఎలా వెళ్ళను నేను రేపట్నుంచి? చెప్పు. ఎవరి దగ్గర వదిలి వెళ్ళను?" అంది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది అనిపించింది ఆయనకి. ఆమె వంగి పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది. చెంచా కూడా తీసుకుంది. ఖాళీ అయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఈ పిల్లని ఇక నాకివ్వరు అనుకున్నాడు. ఇవ్వకపోయినా ఫరవాలేదు, బతికితే చాలు అనుకున్నాడు. రెండోది ఒట్టి అబద్ధమని ఆయనకే తెలుసు. రెండూ కావాలి ఆయనకి.

జగ్గు సగానికి దిగేసరికి పిచ్చుక కళ్ళల్లోకి కాస్త వెలుగొచ్చింది. తల తిప్పి గది చూసింది. అమ్మ జడ పట్టుకు లాగింది. అమ్మ పెట్టిన చెంచా నోట్లోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, మూతి ముడిచింది. నుదురు ముడిచింది. నాలుకతో ఆ నీళ్ళని బయటికి తోసేసింది.

"దాహం కాస్త తగ్గిందన్నమాట. రుచి తెలుస్తోంది" అంది నర్సమ్మ నవ్వి. "అయినా ఆపకూడదు. ఇంకా వెళ్ళాలి."

కూతురు ఇంకో చెంచా పెట్టింది. పిచ్చుక పళ్ళు బిగించింది. ఇంకోటి పెట్టింది. చేత్తో కొట్టి చెంచా కింద పడేసింది. బతిమాలింది, పాట పాడింది, ముక్కు మీద ముద్దు పెట్టింది. ఊహూ. పొద్దుట్నుంచి నిలబడి పనిచేసి, ఆ మధ్యలో ఫోను అందుకుని, దారి పొడుగునా వణుకుతూ వచ్చిన మనిషి ఆవిడ. ఎంతసేపని ఓర్చుకుంటుంది? తాగకపోతే పెద్దాసుపత్రి అన్న మాట చెవిలో తిరుగుతోంది.

"సిస్టర్" అంది బేలగా, "ఒక్క అర చెంచా పంచదార వేస్తే... ఈ ఒక్క గ్లాసుకే. తాగనైనా తాగుతుంది కదా?"

నర్సమ్మ నోరు తెరిచేలోపే తాత అన్నాడు.

"వద్దు."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే కూతురు నమ్మలేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక పంచదార వద్దని తండ్రి అనడం ఆమె వినలేదు.

"వద్దమ్మా. పొద్దున నేనూ అలాగే అనుకున్నాను. ఒక్క చుక్కే కదా అనుకున్నాను." చెంచా తీసి కడుక్కొచ్చాడు. "ఒకసారి నాకివ్వు. నీ ఎదురుగానే పడతాను."

కూతురు ఆయన చేతిలోని చెంచా చూసింది. తర్వాత పిల్లని ఆయన ఒళ్ళోకి దించింది.

పిచ్చుక తాత మొహం చూడగానే మొహం చేటంత చేసుకుంది. తన మనిషి వచ్చాడు, ఇక కష్టాలు తీరినట్టే. "తాతా, ఎలుపు" అంది.

"ఎరుపు లేదమ్మా" అన్నాడు.

"ఎలుపు."

"లేదు బంగారం. ఇదే ఉంది. తాగాలి."

చెంచా పెట్టాడు. ఆ పిల్ల మొహంలోంచి నవ్వు పోవడం, మూతి వంకర తిరగడం, కింది పెదవి ముందుకి రావడం ఇంత దగ్గర్నుంచి చూశాడు. జీవితమంతా ఏ మొహం కనబడకూడదని సీసా మీద సీసా ఒంచాడో ఆ మొహం అది. ఆయన చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కొంచెం లోపలికి వెళ్ళింది, కొంచెం గడ్డం మీదుగా కారింది. తుడిచి, ఆగి, ఇంకో చెంచా పెట్టాడు. పిచ్చుకకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. లోకంలో తనని ఒక్కసారి కూడా కాదనని మనిషి కాదన్నాడు మరి. ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని, తల వెనక్కి వాల్చి, ఆరోగ్య కేంద్రం పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఏడ్చేటప్పుడు తెరుచుకున్న నోట్లోకి ఆయన ఇంకో చెంచా జార్చాడు. అది మింగి మరీ ఏడ్చింది.

చెంచా ముంచబోయిన తాత ఆగి, వంగి చూశాడు. పిల్ల కంటి కొసన ఏదో మెరిసింది. తుడవకుండా అలాగే చూశాడు. అది నిండి, బుగ్గ మీదికి దిగింది. దాని వెనకే ఇంకోటి.

"చూడమ్మా" అన్నాడు కూతురితో. "ఏడుస్తోంది. చూడు, కన్నీళ్ళతో ఏడుస్తోంది."

కూతురు వంగి చూసింది. తండ్రి భుజానికి తల ఆనించి తనూ ఏడ్చేసింది. ఆయన మాత్రం ఏడవడానికి తీరిక లేనట్టు కూర్చున్నాడు. జగ్గులో ఇంకా కొంచెం వెళ్ళాల్సింది ఉంది.

"రేపు పొద్దున ఇంకో లీటరు కాచి పెడతాను" అంది కూతురు, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇవాళ కలిపింది రేపటికి పనికిరాదట. కొత్త ప్యాకెట్టు విప్పు. నేను డ్యూటీకి వెళ్ళేలోపు నా ముందు కలుపు."

"అలాగేనమ్మా" అన్నాడు తాత.

పిచ్చుక ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆయన చెంచా ముంచి పట్టాడు.